బూడిద రంగు గీతలు చెరపనన్న అఖిల

మీరు అఖిలను కలిసి తీరాలి. ఫొటో చూస్తే చాలదు, ఫోన్లో మాట్లాడితే చాలదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని కోపం తెప్పించాలి. అదేమంత కష్టం కాదు. హాస్టల్ చారులో ఉప్పు మరిచినా వస్తుంది, బస్సులో ఎవరైనా రెండు సీట్లు ఆక్రమించినా వస్తుంది. మొదట ముక్కు ఎర్రబడుతుంది, తర్వాత గొంతు చిన్నదవుతుంది. గట్టిగా అరిచినంతసేపు భయం లేదు. గొంతు తగ్గిందంటే మాత్రం పక్కకు జరగాలి. ఆమెతో ఒకే గదిలో ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.

అఖిలది మహబూబాబాద్ జిల్లా, బయ్యారం దగ్గర ఒక తండా. నాన్న మోతీలాల్ మిర్చి వేస్తాడు, పంట లేని నెలల్లో కూలికి పోతాడు. అమ్మ రుక్కి. ఇంట్లో లంబాడీ మాట, బయట తెలుగు, లాబ్‌లో ఇంగ్లిష్ బటన్లు. జనగామ ఊరు దాటాక ఉన్న ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో సివిల్ చదివింది. కాలేజీ పేరు నేను చెప్పను. చెబితే అక్కడ ఇంకా చదువుతున్న చెల్లెళ్లకు ఇబ్బంది.

ఆఖరి సెమిస్టర్‌లో మాకు షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ లాబ్ ఉండేది. ఒక కట్టడం పనిని ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్కకు ఎన్ని రోజులో, ఏది అయ్యాక ఏది మొదలవ్వాలో కంప్యూటర్‌కు చెబితే, అది ఒక్కో పనికి ఒక్కో అడ్డపట్టీ గీస్తుంది. అదే గాంట్ చార్ట్. ఏటా పుస్తకంలో ఉన్న ఒక ఊహా భవనాన్నే అందరూ ఎక్కించేవాళ్లు. మాకు లాబ్ చెప్పిన యుగేందర్ సార్ కొత్తగా వచ్చినవాడు, ఉత్సాహం ఉన్నవాడు. "పుస్తకంల బిల్డింగ్ ఎందుకు? మన క్యాంపస్‌ల జరిగే పని తీసుకోండ్రి, వారం వారం పోయి చూసి ఎక్కియ్యుండ్రి" అన్నాడు. ఇద్దరికి ఒక సిస్టం, ఒక ఫైలు. అఖిలకు జోడీగా శ్యాం వచ్చాడు, నర్సింహులపేట అబ్బాయి. మెత్తటివాడు, పరీక్షలంటే వణుకు.

"ఏ పని తీసుకుందం?" అని శ్యాం అడిగితే అఖిల ఒక్క క్షణం ఆలోచించలేదు.

"మా బాత్రూంలు."

మీకు చెప్పాలి. మా అమ్మాయిల హాస్టల్ మొత్తానికి నడిచేవి రెండే బాత్రూంలు. తెల్లారకముందే బకెట్లు వరుసలో ఉండేవి, వాటి వెనక మేము. ఆ జనవరిలో హాస్టల్ వెనక కొత్త బాత్రూంల బ్లాకు మొదలైంది. అందరికంటే ముందు గుంత దగ్గరకు పోయి చూసి వచ్చింది అఖిలే. పునాది, గోడలు, స్లాబు, సెంట్రింగ్ విప్పడం, పైపులు, ప్లాస్టరింగ్, టైల్స్, తలుపులు. ఒక్కోదానికి ఎన్ని రోజులో పని చేయిస్తున్న మేస్త్రీ పోశాలును అడిగి రాసుకుంది.

ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. "బిడ్డా, మా కూలోళ్లందరిది కురవి దిక్కు. శివరాత్రికి వీరభద్రస్వామి జాతర. ఆ వారం ఒక్కడు రాడు, నేను కూడ రాను. గది గూడ లెక్కల ఏసుకో."

ఆమె వేసుకుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను శని, ఆదివారాలు రెండూ సెలవనుకుంటుంది. మా కూలీలు శనివారం పనిచేస్తారు కాబట్టి ఆ రోజును పనిరోజు చేసింది. కురవి జాతర వారాన్ని మొత్తం సెలవుగా పెట్టింది. పట్టీలన్నీ ఆ వారం మీదుగా దాటి, అవతల మళ్లీ మొదలయ్యాయి. అప్పుడు బేస్‌లైన్ పెట్టింది.

బేస్‌లైన్ అంటే ఏంటని పక్క సిస్టం దగ్గరి కీర్తన అడిగింది. అఖిల చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఇయ్యాల మనం ఇచ్చిన మాటను గడ్డకట్టించి పెట్టుడు. రేపు పని అటు జరుగుతది, ఇటు జరుగుతది. ఈ మాట జరుగది. రెండు పక్కపక్కన పెట్టి చూస్తే ఎంత తప్పినమో తెలుస్తది."

తెర మీద అది అలాగే కనిపిస్తుంది. పైన రంగు పట్టీ, అది ఇప్పటి లెక్క. దాని కింద సన్నగా బూడిద రంగు పట్టీ, అది మొదటి మాట.

మా లాబ్‌లో ఒక అలవాటు ఉంది. పాత రికార్డుల్లో అందరూ పనులన్నీ ఎక్కించి, జరిగిన తేదీలు కూడా ఎక్కించి, చివరలో ప్రింటు తీసే ముందు బేస్‌లైన్ పెట్టేవాళ్లు. మా మాన్యువల్‌లో ఆ మెట్టు ఆఖరి పేజీలో ఉంటుంది మరి. అప్పుడు రంగు పట్టీ, బూడిద పట్టీ ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్దినట్టు కూర్చుంటాయి. తేడా సున్నా. ఏళ్ల తరబడి ఈ సున్నానే సరైన జవాబు అనుకుంటూ మార్కులు వేశారు. శ్యాం కూడా అలాగే అనుకున్నాడు. "ముందే పెట్టినవ్ గదా, తప్పు అయితదేమో" అని గొణిగాడు.

"పెండ్లి అయినంక లగ్నం పెట్టిస్తరా?" అంది అఖిల.

ఫిబ్రవరి దాకా బాగానే నడిచింది. గోడలు అనుకున్న రోజుకు లేచాయి. కూలీలు కురవి జాతరకు పోయారు, చెప్పిన రోజుకు తిరిగొచ్చారు. ఇక స్లాబు. స్లాబు పోయాలంటే కింద సెంట్రింగ్ షీట్లు, కర్రలు కావాలి. అవి రాలేదు. వారం గడిచింది. అఖిల పోశాలును అడిగింది.

"షీట్లు భూపాలపల్లికి పోయినయ్ బిడ్డా. కాంట్రాక్టర్‌కు ఆడ పెద్ద పని పడ్డది. ఆడ విప్పితెనే ఈడికొస్తయ్."

"మరి మేము?"

"మీరు నిలవడుండ్రి" అన్నాడు పోశాలు. ఎగతాళికి కాదు, చేతకాక అన్నాడు. అయినా ఆమె ముక్కు ఎర్రబడింది.

ప్రతి శనివారం ఆమె లాబ్‌కు వచ్చి స్లాబును ముందుకు జరిపింది. స్లాబు జరిగితే దాని వెనక ముడిపడిన పైపులు, ప్లాస్టరింగ్, టైల్స్, తలుపులు అన్నీ వరుసగా జరిగాయి. కింద బూడిద పట్టీలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. చివరికి షీట్లు వచ్చి స్లాబు పడింది. అసలు మొదలైన తేదీ, అయిపోయిన తేదీ ఎక్కించేసరికి ఆఖరి వరుసలో తేడా ఇరవై రెండు పనిరోజులు అని చూపించింది. మేమంతా ఆ గడి చుట్టూ చేరి చూశాం. పొద్దున్నే బకెట్ పట్టుకుని నిలబడ్డ చలికి అదొక అంకె.

అప్పుడే రెండు వార్తలు వచ్చాయి. ఒకటి, కాలేజీని చూడటానికి ఇన్‌స్పెక్షన్ వాళ్లు వస్తున్నారు. పిల్లలు నిజమైన పని మీద చేసిన చార్టులను లాబ్ గోడకు పెట్టాలని ప్రిన్సిపాల్ ఆర్డర్. రెండోది, భూపాలపల్లిలో క్వార్టర్లు కడుతున్న ఒక కంపెనీ మా కాలేజీ నుంచి ఒకరిని ప్లానింగ్ ట్రైనీగా తీసుకుంటానంది. ఇంటర్వ్యూలో అఖిల మొదట నిలిచింది, శ్యాం రెండోవాడు. షరతు ఒక్కటే, ఈ లాబ్‌లో ఫస్ట్ క్లాస్ రావాలి. మోతీలాల్ ఆ రోజు ఫోన్ చేసి "నా బిడ్డ సైటు మీద ఇంజినీరు" అని తండా మొత్తానికి వినబడేలా అరిచాడు. స్పీకర్ పెట్టకుండానే మాకు వినపడింది.

ప్రాక్టికల్ పరీక్షకు ముందు రోజు యుగేందర్ సార్ అఖిల సిస్టం దగ్గర నిలబడ్డాడు. శ్యాం పక్కనే ఉన్నాడు.

"అఖిలా, బేస్‌లైన్ మళ్ల పెట్టు."

"ఎందుకు సార్?"

"ప్రిన్సిపాల్ సార్ చూసిండు. ఇరవై రెండు రోజులు లేటు అని గోడ మీద రాసిపెడ్తమా? కాంట్రాక్టర్ మేనేజ్‌మెంట్‌కు బామ్మర్ది. జాతర వల్ల లేటయ్యిందంటుండు."

"జాతర క్యాలెండర్‌ల ముందే సెలవు పెట్టిన సార్. బేస్‌లైన్‌ల ఆ వారం లెక్కనే లేదు. ఈ ఇరవై రెండు జాతరయి కావు, భూపాలపల్లియి."

సార్‌కు తెలుసు. తెలిసినవాడి మొహం ఎలా ఉంటుందో అలా పెట్టాడు.

"నువ్వు చెప్పేది కరెక్టే. కని..."

"కొత్త ప్లాన్ కావాల్నంటే బేస్‌లైన్ ఒకటి అన్న పేరుతోటి వేరే పెడ్త సార్. పాతది పాత జాగలనే ఉంటది. సాఫ్ట్‌వేర్‌ల దానికి జాగ ఉన్నది. అడిగినోళ్లకు రెండు చూపెడ్త."

"రెండు చూపిస్తే పాతది ఎందుకు మారిందని అడుగుతరు. పాతదాని మీదనే పెట్టు."

"అది మారుసుడు కాదు సార్, చెరుపుడు."

"అఖిలా, నేను కాంట్రాక్టు లెక్చరర్ని. జూన్‌ల నన్ను మళ్ల తీసుకోవాల్నా వద్దా అని వాళ్లే చూస్తరు. జర సమజ్ చేస్కో."

అప్పుడు అఖిల గొంతు తగ్గింది. "మీరే చెప్పిండ్రు గదా సార్, నిజంగ జరిగే పని తీసుకోమని. తీసుకున్నం. జరిగింది ఎక్కిచ్చినం. ఇప్పుడు జరగలేదనమంటే ఎట్ల?"

సార్ లాబ్ బయటికి నడిచాడు. శ్యాం మాత్రం కుర్చీలో అటు ఇటు కదిలాడు. "పెడితే ఏమైతది అఖిలా? ఒక్క బటన్. ఇద్దరికి మార్కులొస్తయ్."

"నీకు రెండు బాత్రూంలకాడ నిలవడే పని లేదు గదా, నీకు ఒక్క బటనే."

మరునాడు పొద్దున పరీక్ష. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ మేడం వచ్చారు. నడివయసు మనిషి, తక్కువ మాటలు, మెడలో కళ్లజోడు. సిస్టం నంబర్ల ప్రకారం పిలుస్తున్నారు. ముందు శ్యాం. అతను చార్టు తెరిచి, "ప్రాజెక్టు టైంకే నడుస్తుంది మేడం, తేడా సున్నా" అని అప్పజెప్పి, ప్రింటు మీద సంతకం పెట్టి బయటికి నడిచాడు. ఆమె తలూపారు. తర్వాత అఖిల కూర్చుంది.

తెర మీద రంగు పట్టీల కింద బూడిద పట్టీలు బుద్ధిమంతుల్లా సరిగ్గా అతుక్కుని ఉన్నాయి. స్లాబు కింద, టైల్స్ కింద, తలుపుల కింద. ఎక్కడా ఒక్క రోజు జారలేదు. పాత బేస్‌లైన్ మీద మళ్లీ పెట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఊరికే ఒప్పుకోదు. ఇది ఇదివరకే వాడారు, దీని మీద రాయమంటారా అని అడుగుతుంది. ఎవరో అవునని నొక్కారు. ఫైలు సేవ్ చేసి, మూసి, వెళ్లారు. ఇక వెనక్కి తెచ్చే దారి లేదు.

గది బయట కిటికీ దగ్గర శ్యాం నిలబడి ఉన్నాడు. నేలచూపులు చూస్తున్నాడు. అఖిలకు అడగాల్సిన పని లేకపోయింది.

"చెప్పమ్మా, ప్రాజెక్టు ఎట్లా ఉంది?" అన్నారు మేడం.

"ఇది నా బేస్‌లైన్ కాదు మేడం."

"అంటే?"

"నేను జనవరిల పెట్టిన. దీన్ని నిన్న పెట్టిండ్రు. చూడుండ్రి, స్లాబు అయిపోయిన తేదీ మార్చిల ఉన్నది, బేస్‌లైన్ కూడ అదే తేదీ. ముందుగాల్నే ఎవ్వరికన్న గంత కరెక్టుగ తెలుస్తదా?"

మేడం కళ్లజోడు పెట్టుకున్నారు. వంగి చూశారు. "ఎవరు మార్చారు?"

అఖిల కిటికీ వైపు చూసింది. తలుపు దగ్గర నిలబడ్డ యుగేందర్ సార్ వైపు చూసింది. ఒక పేరు చెబితే చాలు.

"మార్చినోళ్లు చెప్పుకోవాలె మేడం. నాది నేను చెప్తున్న. నాకు టైం ఇస్తె మళ్ల చేసి చూపెడ్త."

మేడం గడియారం చూసుకుని తలూపారు. అఖిల కొత్త ఫైలు తెరిచింది. ఆ కీబోర్డు మోత నేను ఎప్పటికీ మరిచిపోను, కొట్టినట్టే కొట్టింది. మొదలుపెట్టిన తేదీ, శనివారం పని, కురవి జాతర సెలవు. పునాది నుంచి తలుపుల దాకా మొదట అనుకున్న రోజులు. ముడులు. బేస్‌లైన్. ఆ తర్వాతే జరిగిన తేదీలు. స్లాబు తేదీ ఎక్కించగానే పట్టీలు ఒకదాని వెనక ఒకటి కుడివైపుకు జారాయి. కింద బూడిద పట్టీలు మిగిలాయి. ఆఖరి గడిలో మళ్లీ ఇరవై రెండు.

మేడం తేదీలను ఒక్కొక్కటే వేలితో పట్టి చూశారు. "చాలా బాగా చేశావు. కానీ అమ్మా, ఈ బేస్‌లైన్ కూడా ఈ రోజు పెట్టిందే కదా. ఇది జనవరి మాట అని నేను ఎట్లా నమ్మాలి?"

అఖిల కిటికీ అవతలికి చెయ్యి చూపింది.

"హాస్టల్ ఎనుకకు రాండ్రి మేడం. గోడలకు తలుపులు లేవు."

"నేను చూడాల్సింది ఫైలు. బాత్రూం కాదు." మేడం ప్రింటర్ నుంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టారు. "మీ ఇద్దరి ఫైలులో ఉన్న చార్టు మీద సంతకం పెడితే అతనికి వేసిన మార్కులే నీకు వేస్తాను. కొత్తదాని మీద పెడితే చార్టుకు మార్కులు వేయగలను, బేస్‌లైన్‌కు, పని వెంట తిరిగి ఎక్కించినదానికి వేయలేను. పాస్ అవుతావు. ఫస్ట్ క్లాస్ రాదు. మార్కుల షీటుకు ఒక్కటే జత చేయాలి."

ఫస్ట్ క్లాస్ రాదంటే భూపాలపల్లి ఉద్యోగం రాదు. గదిలో అందరికీ తెలుసు. యుగేందర్ సార్ తలుపు దగ్గర నుంచి మెల్లగా అన్నాడు, "అఖిలా, మొండికి పోకు. మీ బాపును యాది చేస్కో."

అదే తప్పయింది. అఖిల లేచి నిలబడింది.

"మా బాపును ఈ గదిలకు తేకుండ్రి సార్. మా బాపు మీకేం జెప్పిండు, చెరుపుమని చెప్పిండా?" అని, కొత్త చార్టు మీద కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టింది. తర్వాత దానిదే ఇంకో ప్రింటు తీసుకుని బయటికి నడిచింది.

కిటికీ దగ్గర శ్యాం అడ్డం వచ్చాడు. "అఖిలా, సార్ నన్నొక్కన్ని పిలిచి చెప్పిండు... నాకు ఫెయిలంటే భయమైంది..."

"నన్నడిగితే నేనొద్దంటనని తెలుసు గదా నీకు?"

"తెలుసు."

"గందుకే అడగలే. పక్కకు జరుగు."

ఆమె నేరుగా హాస్టల్ వెనక్కి పోయి, తలుపు లేని ద్వారం పక్కన గోడకు మెస్సులో అడిగి తెచ్చిన అన్నం మెతుకులతో ఆ చార్టు అతికించింది. మధ్యాహ్నం కల్లా వాచ్‌మన్ చింపేశాడు. ఇన్‌స్పెక్షన్ వాళ్లు వచ్చేసరికి లాబ్ గోడ మీద శ్యాం సంతకం పెట్టిన సున్నా చార్టు లామినేషన్ చేసి వేలాడుతోంది. వాళ్లు దాన్ని మెచ్చుకున్నారని విన్నాం. హాస్టల్ వెనక్కి ఎవరూ రాలేదు.

భూపాలపల్లి ఉద్యోగం శ్యాంకు వచ్చింది. యుగేందర్ సార్‌ను జూన్‌లో మళ్లీ తీసుకున్నారు. బాత్రూంలకు తలుపులు మేమంతా హాస్టల్ ఖాళీ చేసి వెళ్లాక పెట్టారు. అఖిల ఇప్పుడు మహబూబాబాద్‌లో ఇళ్ల ప్లాన్లు గీసే ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తోంది. మొన్న నేను వాళ్ల తండాకు పోయినప్పుడు రుక్కి జొన్న రొట్టె పెడుతూ కూతురి మీద కసురుకుంది.

"సంతకం పెట్టి నౌకరి తీసుకుంటే అయిపోతుండె. ఎన్క తీరుబడిగ తిట్టొచ్చు గదనే వాళ్లను!"

"నౌకరిల కూసున్నంక తిట్టబుద్ధి గాదు యాడీ" అంది అఖిల. వాళ్ల భాషలో అమ్మను అలాగే పిలుస్తారు.

"నాకు ఇప్పుడు తిట్టబుద్ధి అయితుంది, నిన్ను" అంది రుక్కి, ఇంకో రొట్టె ఆమె పళ్లెంలో విసురుగా వేస్తూ.

మా హాస్టల్ గ్రూపులో ఈ గొడవ ఇంకా తెగలేదు. కీర్తన అంటుంది, మేడం ముందు శ్యాం పేరు చెప్పాల్సిందని. ఇంకొకరంటారు, నమ్మని చార్టు మీద సంతకం పెట్టి ఏం సాధించిందని. నాకు మాత్రం ఆమె మీద కోపం రాదు, మిగతా అందరి మీదా వస్తుంది, ఆ రోజు గదిలో ఉండి నోరు మెదపని నా మీద కూడా. మీరు చెప్పండి. బల్ల మీద రెండు చార్టులు, ఒకదాని వెనక ఉద్యోగం, ఒకదాని వెనక ఎవరూ నమ్మని నిజం. ఆ కుర్చీలో మీరుంటే దేని మీద సంతకం పెట్టేవాళ్లు?